తెరపై పాత మెయిళ్లే కనిపిస్తుంటే

ఫోన్ ముందు తెర మీద నాలుగైదు మెయిళ్లు వరుసగా కనబడేలా ఒక పెట్టె పెట్టుకుంటాం. దాన్నే విడ్జెట్ అంటారు. యాప్ తెరవనక్కర్లేదు, ఫోన్ చేతిలోకి తీసుకుంటే చాలు, ఎవరు ఏం పంపారో తెలిసిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో 2009 నుంచీ ఈ సదుపాయం ఉంది. చిక్కల్లా అది ఆగిపోయినప్పుడే వస్తుంది. ఎందుకంటే విడ్జెట్ ఆగిపోయినా ఆగినట్టు కనబడదు. ఎర్ర గుర్తు చూపదు, హెచ్చరిక ఇవ్వదు. నిన్నటి మెయిళ్లనో, పోయిన వారం మెయిళ్లనో అలాగే చూపిస్తూ కూర్చుంటుంది. చూసేవాళ్లు మాత్రం కొత్తవేవీ రాలేదనుకుంటారు.

ఇంటర్వ్యూ పిలుపు కోసమో, కాలేజీ అడ్మిషన్ కబురు కోసమో ఎదురుచూసే వాళ్లకు ఈ మౌనం నిజంగా నష్టం చేస్తుంది. విడ్జెట్ ఎందుకు ఆగిపోతుంది, ఎక్కడ ఆగిందో ఎలా కనిపెట్టాలి, దాన్ని మళ్లీ ఎలా కదిలించాలి, అందుకు ఏ అనుమతులు చూడాలి అన్నది మన దగ్గర ఎక్కువమంది వాడే జీమెయిల్ విడ్జెట్‌నే తీసుకుని ఈ వ్యాసంలో చూద్దాం. మెను పేర్లు ఫోన్‌లో కనబడినట్టే ఇంగ్లీషులో ఇస్తున్నాను. కంపెనీని బట్టి, ఆండ్రాయిడ్ వెర్షన్‌ను బట్టి మాటలు కొద్దిగా అటూ ఇటూ ఉంటాయి.

విడ్జెట్ మెయిల్ తేదు, చూపిస్తుందంతే

ముందుగా ఒక అపోహ తొలగాలి. కొత్త మెయిళ్లను విడ్జెట్టే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. అది పంచాయతీ ఆఫీసు బయట ఉండే నోటీసు బోర్డు లాంటిది. లోపల ఎన్ని కాగితాలు వచ్చినా, ఎవరో ఒకరు బయటికొచ్చి పాతది తీసి కొత్తది అంటిస్తేనే బోర్డు మారుతుంది.

ఒక మెయిల్ విడ్జెట్ దాకా రావాలంటే మూడు మజిలీలు దాటాలి. మొదటిది, మెయిల్ కంపెనీ సర్వర్ నుంచి మీ ఫోన్‌లోకి దిగడం. దీన్నే సింక్ అంటారు. రెండోది, అలా దిగిన మెయిల్‌ను జీమెయిల్ యాప్ ఫోన్‌లోనే ఉన్న తన ఖాతాపుస్తకంలో రాసుకోవడం. మూడోది, ఆ పుస్తకంలోని మొదటి కొన్ని వరుసలను తీసి ముందు తెర మీద మళ్లీ గీయించడం. ముందు తెరను నడిపే యాప్ వేరే. దాన్ని లాంచర్ అంటారు. జీమెయిల్ "ఇదిగో కొత్త జాబితా" అని కబురు పంపితే లాంచర్ ఆ పెట్టెలో గీస్తుంది. కబురు రాకపోతే ఆఖరిసారి గీసినదే అలా ఉండిపోతుంది. పాత మెయిళ్లు చెక్కుచెదరకుండా కనబడటానికి కారణం ఇదే.

ఇక్కడ కాలం సంగతి కూడా ఒకటి ఉంది. నిర్ణీత వ్యవధిలో విడ్జెట్‌ను తాజాపరచమని యాప్ కోరితే ఆండ్రాయిడ్ ఒప్పుకుంటుంది కానీ, ఆ వ్యవధి 30 నిమిషాల కంటే తక్కువ ఉండటానికి వీల్లేదు. అంతకంటే ముందే మారాలంటే, కొత్త మెయిల్ దిగిన క్షణంలో యాప్ తనంతట తాను మేలుకుని కబురు పంపాలి. కాబట్టి తెర వెనక మేలుకునే స్వేచ్ఛ యాప్‌కు ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. చాలా ఫోన్లలో తంటా అంతా అక్కడే వస్తుంది.

గొలుసు ఎక్కడ తెగింది?

విడ్జెట్ ఆగిందనగానే అందరూ చేసే పని యాప్ తెరవడం. తెరవగానే మెయిళ్లన్నీ వచ్చి పడతాయి. "అబ్బే, బాగానే ఉంది" అనుకుని మూసేస్తారు. కానీ యాప్ తెరవడమే సింక్‌ను తట్టి లేపుతుంది. అలా ముందుగా తెరిచేస్తే తప్పు ఎక్కడుందో చెప్పే ఆనవాలు చెరిగిపోతుంది. అందుకని వరుస తప్పకుండా ఒక చిన్న పరీక్ష చేయండి.

ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి మీ అడ్రసుకు ఒక మెయిల్ పంపమనండి. విషయం దగ్గర "పరీక్ష, ఉదయం 10" అని సమయం కూడా వేయమనండి. మీ ఫోన్ తెర ఆపేసి పక్కన పెట్టండి. ఓ అరగంట తర్వాత తెర వెలిగించి, యాప్ తెరవకుండా రెండే చూడండి: పైన నోటిఫికేషన్ వచ్చిందా, విడ్జెట్‌లో ఆ మెయిల్ ఉందా?

నోటిఫికేషన్ వచ్చి విడ్జెట్ మాత్రం మారకపోతే మెయిల్ ఫోన్‌లోకి దిగినట్టే. తెగింది చివరి మజిలీ, అంటే యాప్‌కూ ముందు తెరకూ మధ్య. దీనికి మందు తేలిక. విడ్జెట్ తీసి మళ్లీ పెట్టుకోవడం, ఫోన్ ఒకసారి ఆపి వేయడం లాంటివి సరిపోతాయి.

నోటిఫికేషనూ రాలేదు, విడ్జెట్టూ మారలేదు అనుకోండి. అప్పుడు యాప్ తెరవండి. తెరిచిన కాసేపటికే మెయిల్ దానంతటది దిగి, వెనక్కి వచ్చి చూస్తే విడ్జెట్ కూడా మారి ఉంటే, యాప్‌ను తెర వెనక నిద్రపుచ్చుతున్నారన్నమాట. బ్యాటరీ, డేటా అనుమతులు చూసుకోవాలి. నోటిఫికేషన్లు మీరే ఆపుకుని ఉంటే ఈ ఆనవాలు పనికిరాదు, పరీక్షకు ముందు వాటిని తెరిచి పెట్టుకోండి.

యాప్ తెరిచినా మెయిల్ లేదు, జాబితాను వేలితో కిందికి లాగి వదిలితేనే వచ్చింది, లేదా అప్పటికీ రాలేదు అంటే మొదటి మజిలీయే తెగింది. సింక్ ఆగి ఉండొచ్చు, పాస్‌వర్డ్ మార్చాక మళ్లీ లాగిన్ కాకపోయి ఉండొచ్చు, ఫోన్‌లో జాగా అయిపోయి ఉండొచ్చు. కంప్యూటర్ బ్రౌజర్‌లో అదే అకౌంట్ తెరిచి చూడండి. అక్కడా ఆ మెయిల్ లేకపోతే తప్పు ఫోన్‌ది కాదు. గూగుల్ అకౌంట్‌కు ఉచితంగా ఇచ్చే 15 జీబీ జాగాను జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు కలిసి పంచుకుంటాయి. అది నిండితే కొత్త మెయిళ్లు రావడమే ఆగిపోతుంది.

ఒక ఫోన్ కథ

మా అక్క కూతురు హైదరాబాద్‌లో ఉద్యోగ ప్రయత్నాల్లో ఉంది. "మామయ్యా, ఇంటర్వ్యూ మెయిల్ సోమవారమే పంపారంట, నాకు బుధవారం రాత్రి కనబడింది. నా ఫోన్‌లో ఏదో అయింది, కాస్త చూడవూ" అని తెచ్చి చేతిలో పెట్టింది. విడ్జెట్‌లో పైన ఉన్న మెయిల్ శనివారం నాటిది.

ముందు పరీక్ష పెట్టాం. మా ఆవిడ ఫోన్ నుంచి ఒక మెయిల్ పంపించి, అమ్మాయి ఫోన్‌ను తెర ఆపి బల్ల మీద ఉంచాం. భోజనాలు అయ్యాక చూస్తే నోటిఫికేషన్ లేదు, విడ్జెట్ శనివారం దగ్గరే ఉంది. యాప్ తెరిచాం. ఏమీ లాగకుండానే మెయిల్ వచ్చి కూర్చుంది, విడ్జెట్ కూడా మారింది. అంటే సింక్ పనిచేస్తోంది, విడ్జెట్ కూడా పనిచేస్తోంది, యాప్ మెలకువగా ఉన్నంతసేపు మాత్రమే.

"అనుమతులన్నీ ఇచ్చే ఉన్నాను మామయ్యా" అంది. నిజమే. యాప్ అనుమతుల పేజీలో కాంటాక్ట్స్, క్యాలెండర్, నోటిఫికేషన్లు అన్నీ తెరిచే ఉన్నాయి. అదే యాప్ పేజీలో ఇంకాస్త కిందికి వెళ్లి బ్యాటరీ వరుస నొక్కితే గుట్టు బయటపడింది. జీమెయిల్‌కు "Restricted" అని ఉంది. ఫోన్ చార్జింగ్ త్వరగా దిగిపోతోందని ఎవరో చెబితే, కొన్నాళ్ల కిందట కనబడిన యాప్‌లన్నింటికీ ఆ కట్టడి పెట్టేసిందట. వాట్సాప్‌ను మాత్రం వదిలేసింది. జీమెయిల్ సంగతి గుర్తే లేదు.

దాన్ని "Optimized"కు మార్చాం. ఇక్కడ కూడా ఆగలేదు. మళ్లీ పరీక్ష పెట్టాం. వైఫైలో మెయిల్ వెంటనే వచ్చింది. వైఫై ఆపి, మొబైల్ డేటా మీద ఇంకోటి పంపిస్తే రాలేదు. చూస్తే "Data Saver" వేసి ఉంది. తెర వెనక ఉన్న యాప్‌లు మొబైల్ డేటా వాడకుండా అది అడ్డుకుంటుంది. జీమెయిల్‌కు మినహాయింపు ఇచ్చాక రెండు దారుల్లోనూ మెయిల్ వచ్చింది, విడ్జెట్ మారింది. ఒక తప్పు దొరకగానే ఆపేసి ఉంటే, ఆ అమ్మాయి ఇల్లు దాటి బస్సెక్కగానే మళ్లీ అదే గొడవ మొదలయ్యేది. ఇలాంటి చోట రెండు అడ్డంకులు ఒకదాని వెనక ఒకటి ఉండటం మామూలే.

అసలు అనుమతి వేరే చోట ఉంటుంది

యాప్ అనుమతులు అనగానే కెమెరా, మైక్, లొకేషన్ జాబితానే అందరికీ గుర్తొస్తుంది. విడ్జెట్ తాజాగా ఉండటానికి ఆ జాబితాతో దాదాపు పనే లేదు. నోటిఫికేషన్ల అనుమతి తీసేసినా విడ్జెట్ మారుతూనే ఉండగలదు. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకు విడిగా అనుమతి అడుగుతున్నారు కాబట్టి ఈ రెండింటినీ చాలామంది ముడిపెడుతున్నారు. విడ్జెట్‌కు కావలసిన అనుమతులు మూడు చోట్ల ఉంటాయి.

మొదటి చోటు సింక్. ఫోన్ సెట్టింగ్స్‌లో అకౌంట్ల పేజీకి వెళ్తే అడుగున "Automatically sync app data" అనే స్విచ్ ఉంటుంది. అది ఆగి ఉంటే ఏ అకౌంటూ తనంతట తాను సింక్ కాదు. అది బాగుంటే మీ గూగుల్ అకౌంట్ మీద నొక్కి, సింక్ జాబితాలో జీమెయిల్ ముందు స్విచ్ వేసి ఉందో లేదో చూడండి. తర్వాత జీమెయిల్ యాప్‌లో ఎడమ పక్క మెను తెరిచి "Settings"కు, అక్కడ మీ అకౌంట్ పేరుకు వెళ్లి "Sync Gmail" దగ్గర టిక్ ఉందేమో చూడండి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఆగినా విడ్జెట్ పాతబడిపోతుంది. ఆఫీసు మెయిల్‌నో వేరే కంపెనీ మెయిల్‌నో జీమెయిల్ యాప్‌లో కలుపుకుని ఉంటే, దాని సెట్టింగ్స్‌లో ఎంతసేపటికి ఒకసారి సింక్ కావాలో అడిగే వరుస ఉంటుంది. అది గంట అని ఉంటే గంట ఆలస్యం తప్పు కాదు, మీరు కోరుకున్నదే.

రెండో చోటు బ్యాటరీ. ఆండ్రాయిడ్ 6 నుంచి, అంటే 2015 నుంచి, ఫోన్ చార్జింగ్‌లో లేకుండా, తెర ఆపి, కదలకుండా పడి ఉంటే అది డోజ్ అనే గాఢనిద్రలోకి పోతుంది. అప్పుడు మామూలు సింక్‌లన్నీ ఆగి, మధ్యమధ్య కాసేపు మాత్రమే జరుగుతాయి. ఆండ్రాయిడ్ 9 నుంచి మీరు తక్కువగా తెరిచే యాప్‌లకు తెర వెనక అవకాశాలు ఇంకా తగ్గుతూ పోతాయి. ఇందులో ఒక విచిత్రం ఉంది. విడ్జెట్ మీదే చూసుకుంటూ యాప్ తెరవడం బాగా తగ్గించేస్తే, ఫోన్ దృష్టిలో ఆ యాప్ వాడకం తగ్గినట్టు కావచ్చు.

ఈ కట్టడి సడలించడానికి ముందు తెర మీద జీమెయిల్ గుర్తును నొక్కి పట్టుకుని "App info"కు వెళ్లండి. బ్యాటరీ వరుసలో మామూలుగా మూడు స్థాయిలు ఉంటాయి: "Restricted", "Optimized", "Unrestricted". మొదటిది ఉంటే మార్చండి. చాలామందికి "Optimized" చాలు. అది పెట్టాక కూడా పరీక్ష తప్పితేనే "Unrestricted"కు వెళ్లండి, ఎందుకంటే దానివల్ల చార్జింగ్ కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది.

ఫోన్ కంపెనీలు ఆండ్రాయిడ్ కట్టడి చాలదన్నట్టు తమ సొంత కట్టడి కూడా పెడతాయి. సామ్‌సంగ్ ఫోన్లలో బ్యాటరీ సెట్టింగ్స్ లోపల "Background usage limits" ఉంటుంది. అందులో "Deep sleeping apps" జాబితాలో ఉన్న యాప్ మీరు తెరిచేదాకా నిద్ర లేవదు. జీమెయిల్ అందులో ఉంటే తీసేయండి. షావోమీ, రెడ్‌మీ ఫోన్లలో "Autostart" అనే విడి అనుమతి ఉంటుంది. అది లేని యాప్ ఫోన్ ఆపి వేశాక తనంతట తాను మొదలు కాలేదు. ఒప్పో, రియల్‌మీ, వివో ఫోన్లలో కూడా తనంతట తాను మొదలవడానికి, తెర వెనక నడవడానికి ఇలాంటి స్విచ్‌లే వేరే పేర్లతో ఉంటాయి. సెట్టింగ్స్ పైన వెతికే పెట్టెలో battery అనో auto అనో కొడితే అవి బయటపడతాయి.

మూడో చోటు డేటా. అదే "App info" పేజీలో మొబైల్ డేటా వరుస నొక్కితే "Background data" అనే స్విచ్ కనబడుతుంది. అది వేసి ఉండాలి. "Data Saver" వాడేవాళ్లు జీమెయిల్‌కు మినహాయింపు ఇవ్వాలి. జీమెయిల్ మామూలు మెయిళ్లకు వాడే డేటా చాలా కొద్ది. డేటా తినేది అటాచ్‌మెంట్లే. జీమెయిల్ సెట్టింగ్స్‌లో, ఈ మధ్య వచ్చిన అటాచ్‌మెంట్లను వైఫై ఉన్నప్పుడు తనంతట తాను దించుకునే వరుస ఉంటుంది, అది వేరే సంగతి.

ఇవి కాక, చాలాకాలం వాడని యాప్‌ను నిలిపివేసే "Pause app activity if unused" అనే స్విచ్ కూడా ఆ పేజీలోనే ఉంటుంది. కొన్ని ఫోన్లలో దాని పేరు "Manage app if unused". అరుదుగా వాడే రెండో మెయిల్ యాప్ విడ్జెట్ ఆగిపోతే దీన్ని కూడా చూడండి.

విడ్జెట్ వేరే డబ్బా చూస్తుంటే

అన్నీ సరిగ్గా ఉండి, విడ్జెట్ కూడా బాగానే పనిచేస్తూ, మీ మెయిల్ మాత్రం కనబడకపోవడం ఇంకో రకం. జీమెయిల్ విడ్జెట్‌ను పెట్టేటప్పుడే ఏ అకౌంట్, ఏ డబ్బా చూపాలో అడుగుతుంది. అప్పుడు మనం ఎంచుకున్నదే అది చూపుతుంది. ఇన్‌బాక్స్‌ను జీమెయిల్ 2013 నుంచి ప్రైమరీ, సోషల్, ప్రమోషన్స్, అప్‌డేట్స్ అంటూ విడగొడుతోంది. విడ్జెట్‌లో ప్రైమరీ పెట్టుకుంటే, అప్‌డేట్స్‌లో పడిన హాల్ టికెట్ మెయిలో, బిల్లు రసీదో అందులో ఎప్పటికీ రాదు. విడ్జెట్ పైన రాసి ఉన్న పేరు చదవండి. యాప్‌లో ఆ మెయిల్ ఏ డబ్బాలో ఉందో చూసి పోల్చండి.

మెయిల్ తప్పు డబ్బాలో పడుతుంటే రెండు దారులు. యాప్‌లో ఆ మెయిల్‌ను ప్రైమరీకి జరిపితే, అదే చోటు నుంచి వచ్చే మెయిళ్లు క్రమంగా అక్కడికే రావడం మొదలవుతుంది. లేదంటే జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఆ విభాగాలనే తీసేసి అన్నీ ఒకే ఇన్‌బాక్స్‌లో పడేలా పెట్టుకోవచ్చు.

మీరే తయారుచేసుకున్న లేబుల్‌ను విడ్జెట్‌లో పెట్టుకుంటే మరో మెలిక ఉంటుంది. లేబుళ్లకు సింక్ విడివిడిగా ఉంటుంది. జీమెయిల్ సెట్టింగ్స్‌లో అకౌంట్ పేరు నొక్కి "Manage labels"కు వెళ్తే ఒక్కో లేబుల్‌కు సింక్ లేదు, 30 రోజులవి, అన్నీ అనే మూడు ఎంపికలు కనబడతాయి. సింక్ లేని లేబుల్‌ మెయిళ్లు ఫోన్‌లోకి దిగవు కాబట్టి దాని విడ్జెట్ తాజాగా ఉండే అవకాశం లేదు.

కదిలించడం, తక్కువ నుంచి ఎక్కువకు

అనుమతులు సరిచేశాక కూడా పెట్టె పాతదే చూపిస్తుంటే దాన్ని కదిలించాలి. ఇక్కడ తేలికైన పని ముందు, బరువైన పని చివర చేయాలి. యాప్ తెరిచి జాబితాను కిందికి లాగి వదలండి. వెనక్కి వచ్చి ఒక నిమిషం చూడండి. మారకపోతే విడ్జెట్‌ను నొక్కి పట్టుకుని పైకి లాగి తీసేయండి. దీనివల్ల ఒక్క మెయిల్ కూడా పోదు, పోయేది పెట్టె మాత్రమే. తర్వాత ముందు తెర మీద ఖాళీ చోట నొక్కి పట్టుకుని "Widgets" తెరిచి, జీమెయిల్ విడ్జెట్‌ను లాగి పెట్టి, అకౌంటూ డబ్బా మళ్లీ ఎంచుకోండి. యాప్ అప్‌డేట్ అయ్యాకో, అకౌంట్ తీసి మళ్లీ కలిపాకో ఆగిపోయిన విడ్జెట్ చాలాసార్లు దీంతోనే దారికొస్తుంది. అప్పటికీ కాకపోతే ఫోన్ ఆపి వేయండి, లాంచర్ కూడా కొత్తగా మొదలవుతుంది.

ఆ తర్వాతి మెట్టు "App info"లో స్టోరేజ్ పేజీ. అక్కడ "Clear cache" నొక్కితే భయం లేదు. దాని పక్కనే ఉండే "Clear storage" దగ్గర జాగ్రత్త అవసరం. అది నొక్కితే ఫోన్‌లో దాచిన మెయిళ్లు, యాప్ సెట్టింగ్స్ చెరిగిపోతాయి. సర్వర్‌లో ఉన్నవన్నీ మళ్లీ దిగుతాయి కానీ, ఇంకా వెళ్లకుండా అవుట్‌బాక్స్‌లో ఉన్నవి, సర్వర్‌కు చేరని చిత్తుప్రతులు పోతాయి. అవుట్‌బాక్స్ ఖాళీగా ఉందని చూసుకున్నాకే అటు వెళ్లండి.

ఒక పని మాత్రం చేయకండి. ఏదైనా మొరాయిస్తే "Force stop" నొక్కడం చాలామందికి అలవాటు. విడ్జెట్ విషయంలో అది ఎదురు తిరుగుతుంది. అలా ఆపిన యాప్ మీరు మళ్లీ తెరిచేదాకా తెర వెనక ఏ పనీ చేయలేదు, కాబట్టి పాత మెయిళ్లు అలాగే ఉండిపోతాయి. ఆండ్రాయిడ్ 15లో అయితే అలా ఆపిన యాప్ విడ్జెట్ బూడిదరంగుకు మారి, నొక్కినా పలకదు. మీ విడ్జెట్ అలా మసకబారి ఉంటే కంగారు పడకండి, యాప్‌ను ఒకసారి తెరిస్తే మామూలైపోతుంది. ఫోన్‌ను శుభ్రం చేస్తామనే క్లీనర్ యాప్‌లలో కూడా ఇలా మిగతా యాప్‌లను ఆపేసేవి ఉన్నాయి. విడ్జెట్ రోజూ ఆగుతూ, రోజూ యాప్ తెరిస్తే బాగవుతుంటే, అలాంటి క్లీనర్ ఏదైనా ఉందేమో ముందు చూడండి.

ఐఫోన్‌లో

ఐఫోన్‌లో ముందు తెర విడ్జెట్లు 2020లో ఐఓఎస్ 14తో వచ్చాయి. అక్కడ విడ్జెట్ రోజుకు ఎన్నిసార్లు మారాలో ఫోనే కోటా పెడుతుంది. తరచుగా చూసే విడ్జెట్‌కు మామూలుగా రోజుకు 40 నుంచి 70 సార్లు వరకు తాజాపడే అవకాశం ఉంటుందని యాపిల్ తన డెవలపర్లకు చెబుతుంది. అంటే పావుగంట నుంచి గంట దాకా పాతగా ఉండటం ఐఫోన్‌లో సహజం. అంతకు మించితే సెట్టింగ్స్‌లో జనరల్ లోపల "Background App Refresh" తెరిచి, అది మొత్తంగానూ, మీ మెయిల్ యాప్‌కు విడిగానూ వేసి ఉందో చూడండి. పసుపు రంగు బ్యాటరీ గుర్తు కనబడుతుంటే "Low Power Mode" నడుస్తున్నట్టు, అప్పుడు ఆ సదుపాయం ఆగిపోతుంది. యాపిల్ మెయిల్ యాప్‌లో జీమెయిల్ అకౌంట్ పెట్టుకున్నవాళ్లకు మెయిల్ వచ్చిన క్షణంలో దిగదు. "Fetch New Data" పేజీలో పెట్టుకున్న వ్యవధిని బట్టే దిగుతుంది.

అడగకూడనిది అడిగే విడ్జెట్లు

మెయిల్ విడ్జెట్ బాగా పనిచేయడం లేదని ప్లే స్టోర్‌లో దొరికే వేరే విడ్జెట్ యాప్‌లు పెట్టుకునేవాళ్లున్నారు. అక్కడ అనుమతుల సంగతి తిరగబడుతుంది. ఇప్పటిదాకా యాప్‌కు తక్కువైన స్వేచ్ఛ గురించి మాట్లాడుకున్నాం, ఇక్కడ ఎక్కువైన స్వేచ్ఛ గురించి జాగ్రత్తపడాలి. ముందు తెర మీద మెయిళ్లు చూపించడానికి యాక్సెసిబిలిటీ అనుమతి అక్కర్లేదు. తెర మీద కనబడే ప్రతిదాన్నీ చదివే శక్తి దానికి ఉంటుంది. అది అడిగే విడ్జెట్‌ను తీసేయడమే మేలు. నోటిఫికేషన్లు చదివే అనుమతి ఇస్తే మెయిళ్లే కాదు, బ్యాంకు ఓటీపీలు కూడా దాని కంట పడవచ్చు. ఇలాంటి యాప్‌ను తీసేసినంత మాత్రాన పని పూర్తి కాదు. గూగుల్ అకౌంట్ పేజీలో సెక్యూరిటీ విభాగానికి వెళ్లి, మీ అకౌంట్‌తో ముడిపడిన బయటి యాప్‌ల జాబితాలోంచి కూడా దాన్ని తొలగించాలి. లేదంటే ఫోన్‌లోంచి పోయినా మెయిల్ చదివే హక్కు దానికి మిగిలే ఉంటుంది.

జీమెయిల్ సొంత విడ్జెట్‌లో కూడా పంపినవారి పేరు, విషయం అందరికీ కనబడే చోటే ఉంటాయి. ఫోన్ పిల్లల చేతికీ, దుకాణంలో పక్కవాళ్ల చేతికీ వెళ్తుంటుంది కాబట్టి, జీతం, వైద్యం, కోర్టు వ్యవహారాల మెయిళ్లు వచ్చే అకౌంట్‌ను ముందు తెర మీద పెట్టకపోవడం మంచిది.

బాగయిందని ఎలా తెలుస్తుంది?

సెట్టింగ్ మార్చిన వెంటనే చేసే పరీక్షను నమ్మకండి. అప్పుడే యాప్ తెరిచి ఉంటారు, అది మెలకువగా ఉంటుంది, ఏ ఫోన్‌లోనైనా పని చేస్తుంది. రాత్రి పడుకునేముందు ఫోన్‌ను చార్జింగ్‌లో పెట్టకుండా బల్ల మీద వదిలేయండి. తెల్లవారి ఇంట్లో ఎవరినైనా ఒక మెయిల్ పంపమని చెప్పి, కాసేపాగి తెర వెలిగించి చూడండి. గాఢనిద్రలో ఉన్న ఫోన్ తెర వెలగగానే లేస్తుంది, ఆగిన సింక్‌లు ఒకటి రెండు నిమిషాల్లో జరుగుతాయి. ఆ కాస్త వ్యవధిలో విడ్జెట్ మారితే అన్నీ సరిగ్గా ఉన్నట్టే. పగలు వైఫై లేకుండా ఒకసారి, ఫోన్ ఆపి వేశాక యాప్ తెరవకుండా ఒకసారి ఇదే పరీక్ష చేస్తే మూడు చోట్ల అనుమతులూ తేలిపోతాయి.

ఇంత చేసినా విడ్జెట్‌కు ఒక హద్దు ఉంటుంది. బ్యాటరీ కాపాడటం కోసం ఫోన్ దాన్ని ఎప్పుడైనా వెనక్కి నెట్టవచ్చు, ఆ సంగతి మనకు చెప్పదు. కాబట్టి గడువున్న కబురు కోసం ఎదురుచూసే రోజుల్లో ఆ పంపేవారి మెయిళ్లకు ఒక లేబుల్ పెట్టి, దాని నోటిఫికేషన్ మోగేలా చేసుకోండి. విడ్జెట్ మీద కొత్త మెయిల్ కనబడితే వచ్చిందని నమ్మవచ్చు. కనబడకపోతే మాత్రం రాలేదని అనుకోకండి, యాప్ తెరిచి కిందికి లాగి చూశాకే ఆ మాట అనుకోండి.